పుట్టకి ఒక చెంచా పాలు చాలు

దీపావళి ప్రమిదలు కడిగి బోర్లించామో లేదో, మా గోదావరి ఇళ్ళలో నువ్వులు చెరగడం మొదలవుతుంది. కార్తీక శుద్ధ చవితి నాలుగు రోజుల్లోకి వచ్చేస్తుంది మరి. నువ్వులు, బెల్లం, చలిమిడికి బియ్యం, పొయ్యడానికి ఆవుపాలు, పిల్లలు దాచుకున్న నాలుగు మతాబులు, కాకరపువ్వొత్తులు... ఇవన్నీ ఒక పళ్ళెంలో సర్దుకుని తెల్లవారుజామునే పుట్ట దగ్గరికి బయల్దేరడం మనకి అలవాటే. తెలంగాణ వైపు వాళ్ళు శ్రావణంలో నాగపంచమికి చేసుకుంటారు. మనకి మాత్రం కార్తీకంలోనే నాగుల చవితి. ఆ తర్వాత మార్గశిరంలో షష్ఠి వస్తే బిక్కవోలు, అత్తిలి సుబ్రహ్మణ్యస్వామి తీర్థాలకి వెళ్ళకుండా ఉండలేం.

నేను ఈ పండగ మానెయ్యమని చెప్పే మనిషిని కాను. ఉపవాసం ఉంటాను, చిమ్మిలి దంచుతాను, పుట్ట దగ్గరికి వెళ్తాను. కానీ పుట్ట కన్నంలోకి చెంబులతో పాలు పొయ్యడం మాత్రం మనం మానెయ్యాలని నా అభిప్రాయం. నాస్తికంతో చెప్తున్న మాట కాదిది. ఆ పుట్టలో ఏముంటుందో, పాలు పోస్తే లోపల ఏం జరుగుతుందో తెలుసుకున్నాక చెప్తున్న మాట.

ముందు పుట్ట సంగతి చెప్పుకుందాం. పుట్టని పాము కట్టదు, దానికి చేతులా కాళ్ళా! చెదపురుగులు మట్టిని నోటితో తడిపి, రేణువు మీద రేణువు పేర్చి కట్టుకున్న ఇల్లది. బయటికి మనకి కనిపించే గోపురం కన్నా లోపల సంసారం పెద్దది. నేల కింద వాటి రాణి గది ఉంటుంది. గాలి వచ్చిపోవడానికి నిలువు గొట్టాల్లాంటి దారులు ఉంటాయి. చెదలు నమిలి తెచ్చిన పుల్లా పుడకా మీద ఒక రకం బూజుని పెంచుకుని, దాన్నే ఆహారంగా వాడుకునే గదులు కూడా ఉంటాయి. అంటే వాటికి ఇంట్లోనే పెరటి తోట ఉందన్నమాట. తొలకరి వానలకి పుట్టల మీద మొలిచే తెల్ల గొడుగులు ఆ తోటలోంచి పైకి వచ్చినవే. పుట్టగొడుగు అన్న పేరు మనవాళ్ళు ఊరికే పెట్టలేదు.

పాము అందులోకి ఎందుకు చేరుతుంది? ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా ఉంటుంది కాబట్టి. చెదలు వదిలేసిన దారుల్లోనో, ఎలకలు తవ్విన కన్నాల్లోనో దూరి పడుకుంటుంది. పొడిగా, చీకటిగా, కదలిక లేకుండా ఉండటమే దానికి ఆ చోటులో ఉన్న సుఖం. మనం పూజ పేరుతో ఆ మూడూ తీసేస్తున్నాం.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. పొలాలు ప్లాట్లయిపోయాక ఊరి చుట్టూ పుట్టలు తగ్గిపోయాయి. రాజమండ్రి శివార్లలో అయినా, చిన్న ఊళ్ళలో అయినా, మిగిలిన ఒక్క పుట్టకే నాలుగు వీధుల జనం వెళ్తున్నారు. అరవై ఇళ్ళ వాళ్ళు వచ్చి తలో పావు లీటరు పోస్తే పదిహేను లీటర్లు. చంటిబిడ్డ ఉన్న ఇల్లయితే, కొత్త కోడలు వచ్చిన ఇల్లయితే అర లీటరు పోస్తారు. వాటి మీద పసుపు నీళ్ళు, కుంకం, అరటిపళ్ళు, చలిమిడి ముద్దలు, కొన్ని చోట్ల కోడిగుడ్లు. ఇదంతా రెండు మూడు గంటల్లో ఒకటో రెండో కన్నాల్లోకి వెళ్తుంది.

వాన పడితే పుట్టకి ఏమీ కాదు కదా, పాలు పోస్తే ఏమవుతుంది అని అడుగుతారు. వాన గోపురం మీద పడి పక్కలకి జారిపోతుంది. మనం పోసేది తిన్నగా నోట్లోకి. పైగా పాలు నీళ్ళలా ఇంకిపోవు, వాటిలో వెన్న ఉంది, తీపి ఉంది. ఆ సాయంత్రానికే పులుస్తాయి, మర్నాటికి కుళ్ళిన వాసన వస్తుంది. గాలి దారుల్లో మట్టి మెత్తబడి కూలుతుంది. చెదల తోటలో వేరే బూజు పడుతుంది. చీమలు వరసలు కడతాయి. మిగిలిన అరటిపళ్ళకీ చలిమిడికీ ఎలకలు, పందికొక్కులు చేరతాయి. చవితి వెళ్ళిన మూడో రోజు ఒకసారి ఆ పుట్ట వైపు వెళ్ళి చూడండి. ఈగలు, చీమలు, పాల ప్యాకెట్ల కవర్లు, పగిలిన గుడ్డు పెంకులు, మెత్తబడి కుంగిన పుట్ట మూతి కనిపిస్తాయి. లోపల పాము ఉంటే గింటే తడిసి, ఊపిరాడక, ఇంకో కన్నంలోంచి బయటికి వస్తుంది. బయట ఉన్నది మనమే, అదీ చెప్పులు లేని కాళ్ళతో.

ఇక పాము పాలు తాగుతుందా అన్న సంగతి. తాగదు. పాము తన పిల్లలకి పాలిచ్చే జంతువు కాదు, దానికి పాలు ఆహారమూ కాదు. ఎలకలు, కప్పలు, పిట్టలు, చిన్న పాములు దాని తిండి. మరి పాములవాడి బుట్టలో పాము గిన్నెలో మూతి పెట్టి తాగడం మనం కళ్ళారా చూశాం కదా? పండగకి ముందు రోజుల తరబడి దానికి నీళ్ళు లేకుండా మాడుస్తారు. దాహంతో ఉన్న పాము తడి ఏది దొరికినా మూతి పెడుతుంది. ఆ పాలు దానికి అరగవు. ఊపిరితిత్తుల్లోకి పోతే జబ్బు చేసి చచ్చిపోతుంది. కాటెయ్యకుండా కోరలు పీకేస్తారు, కొందరు నోరే కుట్టేస్తారు. ఆ పుళ్ళు మానవు. బుట్టలో మనం దణ్ణం పెట్టుకున్న నాగరాజు ఆ తర్వాత ఎక్కువ రోజులు బతకడు.

అందుకే చవితి రోజున గుమ్మంలోకి బుట్టతో ఎవరైనా వస్తే నేను డబ్బులూ పాలూ ఇవ్వను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నాగుపాముని పట్టడం, బుట్టలో పెట్టి ఆడించడం నేరం. వచ్చినవాడితో గొడవ పడక్కర్లేదు, అతనిదీ పొట్టకూటి బాధే. "పాముని ఆడించినందుకు ఇవ్వనయ్యా, ఆకలేస్తే అన్నం పెడతాను" అని చెప్పొచ్చు. ఊళ్ళో పాములు పట్టి ఆడిస్తున్నారని తెలిస్తే అటవీ శాఖ వాళ్ళకి చెప్పాలి. మన చేతి పదిరూపాయలు లేకపోతే ఆ పాముని పట్టుకోవాల్సిన పని వాళ్ళకి ఉండదు.

"అదంతా సరేనే, మీ మామగారి అమ్మగారి కాలం నించీ పోస్తున్నాం. పొయ్యకపోతే పిల్లలకి చెవిపోటు వస్తుంది, కళ్ళకి మంచిది కాదు" అంటారు మా అత్తగారు. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు అనే ఉంటారు. ఆవిడతో నేను సైన్సు మాట్లాడలేదు. పూజ మాటే మాట్లాడాను. "అత్తయ్యగారూ, సత్యనారాయణ వ్రతంలో ప్రసాదం అంతా స్వామి నోట్లో కుక్కుతామా? చూపించి, చెయ్యి తిప్పి, కళ్ళకద్దుకుని మనం తింటాం కదండీ. మరి నాగేంద్రుడికే ఎందుకు కన్నంలో పొయ్యాలి? ఆయనకీ చూపిస్తే చాలదా?" అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "నివేదన అంటే చూపించడమేలే" అన్నారు. నా మాటకి బలం ఇక్కడే ఉంది. మన సంప్రదాయంలో నైవేద్యం అంటే దేవుడికి చూపించి, ప్రసాదంగా వెనక్కి తీసుకునేది. పుట్ట దగ్గర మాత్రం ఆ వెనక్కి తీసుకోవడం పోయి, పారబొయ్యడమే పూజ అయిపోయింది.

మోపిదేవి లాంటి గుళ్ళలో పానవట్టం దగ్గర ఉన్న రంధ్రంలో పాలు పోస్తారు, అది గుడి ఆచారం, అక్కడ చూసుకోవడానికి అర్చకులున్నారు. ఊరి బయట పుట్టని చూసుకునే వాళ్ళు ఎవరూ లేరు. అక్కడ మనమే చూసుకోవాలి.

ఇప్పుడు మా ఇంట్లో చేసుకునే పద్ధతి చెప్తాను. చిన్న గిన్నెలో పావు లీటరు కాచని ఆవుపాలు తీసుకెళ్తాం. పుట్ట చుట్టూ నీళ్ళు చిలకరించి, మూతికి ఓ మూరెడు దూరంలో, మొదట్లో మట్టి మీద పసుపు, కుంకం, పువ్వులు పెడతాం. కన్నం మీద కాదు. పెంకుటిల్లు గడపకి రాసినట్టు పుట్ట గోడకి పసుపు పులమం, బొట్టు పెడతాం అంతే. చలిమిడి, చిమ్మిలి, వడపప్పు, అరటిపండు ఆకులో పెట్టి నివేదన చూపిస్తాం. పాలు ఒకే ఒక్క చెంచా, పిల్లల చేత కూడా ఆ చెంచానే పట్టించి, పుట్ట మొదట్లో మట్టి మీద వేయిస్తాం. ప్రదక్షిణ చేసి, ఆకుతో సహా నైవేద్యం అంతా ఇంటికి తెచ్చేస్తాం. మిగిలిన పాలు కాచి పిల్లలకి ప్రసాదంగా ఇస్తాం. వీధిలో ఎవరైనా బాలింత ఉంటే ఆవిడకి పంపిస్తాం. కవరు, అగ్గిపుల్ల, దారప్పోగు ఏదీ అక్కడ వదలం.

అరవై ఇళ్ళూ ఇలాగే చేస్తే పుట్టకి చేరేది అరవై చెంచాలు, అంటే లీటరులో మూడో వంతు కూడా ఉండదు. అదీ కన్నంలోకి కాదు, పైమట్టికి. పదిహేను లీటర్లు ఎక్కడ, ఇదెక్కడ!

పుట్ట దగ్గరికి వెళ్ళే వీలు లేని వాళ్ళు, రావి వేప కలిసిన చెట్టు కింద ప్రతిష్ఠించిన నాగరాళ్ళకి చేసుకోవచ్చు. రాయికి పాలు పోసినా ఎవరికీ హాని లేదు. అపార్టుమెంట్లలో ఉన్నవాళ్ళు బియ్యప్పిండితో పడగ చేసుకుని పీట మీద పెట్టుకుంటారు. అదీ పూజే.

పుట్టమన్ను చెవికి రాసే ఆచారం ఉంది కదా, అది చెవి తమ్మెకి బయట బొట్టులా రాస్తే చాలు. పాలతో తడిసిన మట్టిని చెవి లోపల పెడితే, పోగొట్టుకుందామనుకున్న చెవిపోటే వస్తుంది. పిల్లలకి చెవిలో చీము కారుతున్నా, కొత్తగా చెవులు కుట్టించినా ఆ ఏడాది మానెయ్యండి, నుదుట పెట్టండి.

మతాబుల సంగతి కూడా. దీపావళి సామాన్లలో కొన్ని దాచి పుట్ట దగ్గర కాల్చడం మన వైపు ఆనవాయితీ. పాముకి చెవి తమ్మెలు లేకపోయినా, నేల అదురు బాగా తెలుస్తుంది. కన్నం పక్కన లక్ష్మీబాంబు పేల్చడమంటే, పడుకున్న మనిషి మంచం కింద పేల్చినట్టే. కోతకి వచ్చిన చేను, ఎండుగడ్డి పక్కన నిప్పు ప్రమాదం కూడా. ఆ నాలుగు కాకరపువ్వొత్తులూ ఇంటికొచ్చాక తులసికోట దగ్గర సాయంత్రం కాల్చుకుంటే పిల్లల సరదా తీరుతుంది.

ఇక మన ప్రాణాల మాట. కార్తీకంలో తెల్లవారుజామున మన డెల్టాలో గట్ల వెంబడి నడవడం మామూలు సంగతి కాదు. సార్వా చేను కోతకి దగ్గరపడి ఉంటుంది. గింజ కోసం ఎలకలు, ఎలకల కోసం పాములు గట్లలోనే ఉంటాయి. 2018 ఆగస్టులో మన పక్కనే కృష్ణా జిల్లా దివిసీమలో పొలం పనులకి వెళ్ళిన వాళ్ళని వరసగా పాములు కరిచాయి. అవనిగడ్డ ఆసుపత్రికి జనం క్యూ కట్టారు. చివరికి మోపిదేవి గుడిలో సర్పశాంతి హోమం కూడా చేయించారు. హోమం చేసిన ఊళ్ళోనే ఆసుపత్రిలో మందు కూడా సిద్ధంగా ఉండాల్సి వచ్చింది. భక్తి ఒక పని చేస్తుంది, విషానికి విరుగుడు ఇంకో పని చేస్తుంది. ఒకదాని పని ఇంకోటి చెయ్యదు.

అందుకని చీకటితో వెళ్ళకండి. తెల్లగా తెల్లవారాక వెళ్తే పుణ్యమేం తగ్గదు. గట్టు మీద చెప్పులు వేసుకునే నడవండి, పుట్టకి నాలుగడుగుల అవతల విప్పండి. ముందు మగవాళ్ళో పెద్దవాళ్ళో కర్రతో నేల మీద తట్టుకుంటూ నడిస్తే, అదురుకి పాము తప్పుకుంటుంది. కన్నంలో చెయ్యి పెట్టడం, గుడ్డు జారవిడవడానికి వంగడం, పిల్లల్ని కన్నం ఎదురుగా కూచోబెట్టి ఫోటో తియ్యడం వద్దు. పాము కనపడితే కదలకుండా నిలబడి, మెల్లిగా వెనక్కి రండి. హారతి ఇవ్వడానికి ముందుకి వెళ్ళకండి.

ఒకవేళ కరిస్తే, మనిషిని నడిపించకూడదు. కరిచిన చెయ్యో కాలో విరిగినదానికి కట్టినట్టు కర్రతో కదలకుండా కట్టి, ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసెయ్యాలి, వాపు వస్తే అవి బిగుసుకుంటాయి. బిగించి తాడు కట్టడం, బ్లేడుతో కొయ్యడం, నోటితో పీల్చడం, పసరు పొయ్యడం అన్నీ నష్టమే. 108కి ఫోన్ చేసి, విరుగుడు మందు ఉండే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. నాగుపాము కరిస్తే కనురెప్పలు వాలతాయి, మాట ముద్దగా వస్తుంది. రక్తపింజర కరిస్తే వాపు ఎక్కువ, చిగుళ్ళలోంచి నెత్తురు రావచ్చు. కట్లపాము కాటు నొప్పే ఉండకపోవచ్చు, గాటు కూడా సరిగ్గా కనపడదు. కాబట్టి "నొప్పి లేదు, ఏం కాలేదులే" అని ఇంట్లో కూచోకూడదు. పాముని చంపి తీసుకెళ్ళాల్సిన పని లేదు. మన దగ్గర ఇచ్చే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటికీ కలిపి చేసిందే.

ఉపవాసం గురించి రెండు మాటలు. ఆ రోజు పొయ్యి వెలిగించకుండా ఉండే ఇళ్ళు మన వైపు చాలా ఉన్నాయి. కాబట్టి తినేవన్నీ పచ్చివే. రాత్రి నానేసిన బియ్యం వడకట్టి, గుడ్డ మీద తడి ఆరీ ఆరకుండా ఉన్నప్పుడే దంచి జల్లించుకోవాలి. గ్లాసుడు తడిపిండికి ముప్పావు గ్లాసు బెల్లం కోరు కలిపి పిసికితే, బెల్లం తడికే చలిమిడి ముద్ద అవుతుంది, నీళ్ళక్కర్లేదు. నీళ్ళు పోస్తే జావ అవుతుంది, తొందరగా పులుస్తుంది. పొద్దున్న చేసిన పచ్చి చలిమిడి సాయంత్రం లోపు అయిపోవాలి. నాలిక మీద చురుక్కుమంటే, జిగురు సాగితే పిల్లలకి పెట్టకండి. చిమ్మిలికి నువ్వులు గ్లాసు, బెల్లం ముప్పావు గ్లాసు, రెండు యాలక్కాయలు. నువ్వుల నూనె ఊరేదాకా దంచితే ఉండ నిలుస్తుంది, రెండు మూడు రోజులుంటుంది.

అయితే షుగరుకి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్ళకి ఈ ఉపవాసం తంటాలు తెస్తుంది. మధ్యాహ్నం దాకా ఏమీ తినక చక్కెర పడిపోయి చేతులు వణకడం, చెమట పట్టడం, ఆ తర్వాత చలిమిడి ముద్ద తినగానే ఒక్కసారి పైకెక్కడం. అలాంటి వాళ్ళు పండక్కి రెండు రోజుల ముందే మీ డాక్టరుని అడిగి మందు ఎలా వేసుకోవాలో తెలుసుకోండి. అడగడం కుదరకపోతే మామూలుగా భోంచేసి పూజ చేసుకోండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు నీళ్ళు, పాలు, పళ్ళు, నానిన పెసరపప్పు తీసుకుంటూ ఉండాలి. పిల్లల క్షేమం కోసం చేసే పూజలో కడుపులో పిల్లని మాడ్చడం ఏం న్యాయం?

మనవాళ్ళు ఈ రోజుకి పెట్టిన నియమాల్లో నాకు చాలా ఇష్టమైనది ఒకటుంది. చవితి నాడు కత్తిపీట పట్టకూడదు, మట్టి తవ్వకూడదు, నాగలి కట్టకూడదు. నేల లోపల ఉన్న ప్రాణికి మన వల్ల దెబ్బ తగలకూడదని. ఆ నియమం పెట్టిన వాళ్ళకి పాము గురించి మనకన్నా బాగా తెలుసు అనిపిస్తుంది. చేను తినే ఎలకని తినేది పామే, అది పంట పొలం పక్కనే బతకాలని వాళ్ళకి తెలుసు. ఆ నియమం మనం పాటిస్తూనే, మర్నాడు ప్లాటు చదును చెయ్యడానికి జేసీబీ వస్తే అదే పుట్టని ఊడబెరికించేస్తున్నాం. పోసిన పాలన్నీ ఆ మట్టితో పాటే ట్రాక్టరెక్కి పోతున్నాయి.

మీ స్థలం మూలన పుట్ట ఉంటే, చిన్న పిల్లలు తిరిగే చోటు కాకపోతే, దాని చుట్టూ నాలుగు గజాలు వదిలేసి గోడ కట్టించుకోండి. ఇంటికి మరీ దగ్గరగా ఉండి భయంగా ఉంటే, పాములు పట్టి అడవిలో వదిలేవాళ్ళని పిలిపించండి. కిరసనాయిలు పొయ్యకండి, నిప్పు పెట్టకండి. ఊరి పుట్ట అయితే ఈసారి చవితికి నాలుగు రోజుల ముందే మీ వీధి ఆడవాళ్ళు కూచుని మాట్లాడుకోండి. ఇంటికో చెంచా, మిగతా పాలు ఒక బిందెలోకి, బిందె అంగన్‌వాడీ పిల్లలకో, ఊళ్ళో బాలింతలకో. పుట్ట దగ్గర ఒక బుట్ట పెట్టి, కవర్లూ పూలూ అందులో వెయ్యమనండి. మొదటి ఏడు పెద్దవాళ్ళు గొణుగుతారు, ఫరవాలేదు. మూడో రోజు వెళ్ళి పుట్ట మూతి చూపించండి. పొడిగా, గట్టిగా, చీమ లేకుండా ఉంటే వాళ్ళే ఒప్పుకుంటారు.